నూతిలో చెరిసగం

మా అన్నయ్య కొడుక్కి అమెరికా ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తరం అనడం మన మర్యాద. వాళ్లు దానికి పెట్టుకున్న పేరు 'సాక్ష్యం కోసం అభ్యర్థన'. అభ్యర్థన అనగానే చేతులు జోడించి అడిగారనుకునేరు. గడువులోగా కాగితాలు చేరకపోతే దరఖాస్తును మీరే వదిలేసుకున్నట్టు లెక్కగట్టి కొట్టేస్తామని అందులోనే ఉంది. మా ఊళ్లో కరెంటు వాళ్లు ఫ్యూజు పీకేసి అభ్యర్థిస్తారు, వీళ్లు పీకబోయే ముందు అభ్యర్థిస్తారు. అభివృద్ధి చెందిన దేశమంటే అంతే కాబోలు.

వాడు ఐదు పేజీలూ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాడు. "బాబాయ్, నువ్వు పేపర్లకి రాస్తావు కదా, ఇందులో ఏమడుగుతున్నారో చూడు" అన్నాడు. వాడు పుట్టింది తణుకు ఆస్పత్రిలో, పెరిగింది టెక్సస్‌లో. ఇంగ్లీషు వాడి భాష, తెలుగు నా భాష. ఇంగ్లీషు ఉత్తరానికి అర్థం చెప్పమని నన్నడిగాడంటే అది రెండూ కాని భాషలో ఉందన్న మాట.

సంగతేమిటంటే, వాడు నాలుగో ఏట అమెరికా వెళ్లాడు. అన్నయ్యది హెచ్-1బి, దాని తోక పట్టుకుని వీడిది హెచ్-4. ఆ తోక 21వ పుట్టినరోజు దాకానే. కేకు కోసిన పూట వీడు చట్టం కళ్లకి అన్నయ్య కొడుకు కాకుండా పోతాడు. వాడిది నవంబరులో. అందుకని ముందే ఐ-539 ఫారం నింపి, 470 డాలర్లు కట్టి, నన్ను ఎఫ్-1 విద్యార్థిగా మార్చండి మహాప్రభో అని పెట్టుకున్నాడు. ఈ ఐదు పేజీలు దానికి జవాబు.

మొదటి పేజీ ఏ దరఖాస్తు, ఏ నంబరు, ఏ తారీఖు అన్న ప్రవర. రెండో పేజీలో పంతులుగారు పెళ్లికి రాసిచ్చే సామాను పట్టీలాంటిది మొదలవుతుంది. పట్టీకి ముందు ఒక వాక్యం ఉంది: కింది పత్రాలు పంపవచ్చు, కానీ వీటికే పరిమితం కానక్కర్లేదు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు రాశాక చివర్న 'తదితరములు' అంటాడే పంతులు, అదే ఇది. తేడా ఒక్కటే. తదితరాల్లో ఏది తగ్గిందో పంతులు పీటల మీద చెప్పేస్తాడు, వీళ్లు తిరస్కరించాక చెబుతారు.

అడిగినవి చూడబోతే మూడే. ఒకటి, దరఖాస్తు పెట్టిన రోజు దాకా నువ్వు హెచ్-4లో సవ్యంగా ఉన్నావని చూపించు. హెచ్-4 వాడు సవ్యంగా ఉండటమంటే వాడి నాన్న ఉద్యోగంలో ఉండటమే కనక, కొడుకు శీలానికి అన్నయ్య జీతం స్లిప్పులు సాక్ష్యం. అవి అన్నయ్య దగ్గర కట్టలున్నాయి, పంపాడు.

రెండోది డబ్బు. ఇక్కడ తప్పు మా వాళ్లదే. కాలేజీ ఇచ్చే ఐ-20లో ఏడాదికి ఖర్చెంతో ఒక పక్క, ఆ సొమ్ము ఎక్కణ్నుంచి వస్తుందో ఇంకో పక్క అచ్చేసి ఉంటుంది. వీడి ఐ-20లో ఖర్చు 38,400 డాలర్లు. కాలేజీ ఇచ్చే స్కాలర్‌షిప్పు 4,000. మిగతా 34,400 కుటుంబం భరిస్తుందని రాశారు. మరి జతచేసిన బ్యాంకు స్టేట్‌మెంటులో ఉన్నది 22,000. ఆఫీసులో ఉన్నాయన తీసివేత చేశాడు, 12,400 తగ్గింది. ఎవరైనా చేస్తారు.

అన్నయ్యకి వచ్చిన మొదటి ఆలోచన మన జాతీయ ఆలోచనే. ముగ్గురు స్నేహితుల దగ్గర తలా నాలుగువేల చిల్లర సర్ది, నెల తిరక్కుండా తిరిగిచ్చేద్దామన్నాడు. ఇంజనీరింగ్ సీటు దగ్గర్నుంచి పెళ్లిచూపుల దాకా మనం నిలబడింది చేబదుళ్ల మీదే కదా! వాళ్లు పెట్టుకున్న లాయరమ్మ ఒప్పుకోలేదు. నిన్నటిదాకా లేని సొమ్ము ఉత్తరం వచ్చాక ఖాతాలో ఊడిపడితే, అది ఎక్కడిదని ఇంకో ప్రశ్న పుడుతుందంది. దానికి బదులు ఆర్నెల్ల స్టేట్‌మెంట్లు, జీతం, కిందటేడు కట్టిన పన్ను కాగితాలు, ఏడాది పొడుగునా ఎలా ఇస్తాడో చెబుతూ అన్నయ్య సంతకంతో ఒక లేఖ పెట్టించింది. ఒకనాటి నిల్వ కంటే నెలనెలా వచ్చే జీతానికి పరపతి ఎక్కువట. మా ఊరి సహకార బ్యాంకు మేనేజరు ముప్పై ఏళ్లుగా చెబుతున్నదీ అదే.

మూడోది చదివి నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. విదేశంలో నీకో నివాసం ఉందనీ, దాన్ని విడిచిపెట్టే ఉద్దేశం నీకు లేదనీ చూపించమన్నారు. ఇక్కడ విదేశమంటే మన ఊరు. ఇది ఆ ఆఫీసరు సొంత పైత్యం కాదు, 1952 నాటి వాళ్ల వలస చట్టంలో విద్యార్థి అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే ఉంది. చదువుకోవడానికి వచ్చేవాడు చదివి వెళ్లిపోయేవాడై ఉండాలి.

వీడు ఎక్కడికి వెళ్లిపోవాలి? వీడికి మా ఊరంటే మూడు వేసవి సెలవులు, ఒక కుక్కకాటు, మామిడితాండ్ర. అక్కడే ఉంది మెలిక. హెచ్-1బి వాళ్లకీ వాళ్ల పిల్లలకీ ఈ షరతు లేదు. తాత్కాలికంగా ఉంటూనే శాశ్వతంగా ఉండిపోవాలని కోరుకోవచ్చు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడాన్ని చట్టమే ఒప్పుకుంది. ఎఫ్-1కి ఆ వెసులుబాటు లేదు. అంటే వీడు హెచ్-4గా ఉన్నన్నాళ్లు రెండు ఉద్దేశాలు పెట్టుకోవచ్చు, ఎఫ్-1 అడిగిన క్షణాన ఒకటి తీసేయాలి. శరీరానికి ఇరవయ్యొక్కేళ్లు నిండటం మనం చూశాం, ఉద్దేశానికి నిండటం ఇదే చూడటం.

పైగా అన్నయ్య గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టిన పిటిషన్ ఏళ్ల కిందటే ఆమోదం పొంది, వరసలో నిలబడి ఉంది. ఒక్కో దేశానికి 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న లెక్క వల్ల మనవాళ్ల వరస తిరుపతి ధర్మదర్శనాన్ని మించిపోయింది. ఆ పిటిషన్‌లో భార్యాపిల్లల పేర్లు రాసే గడి ఉంది, అందులో వీడి పేరుంది. ఒక బీరువాలో వీడు ఉండిపోతాడన్న కాగితం, ఇంకో బీరువాకి వీడు వెళ్లిపోతాడన్న కాగితం కావాలి. రెండు బీరువాలూ ఒకే ఆఫీసువి.

అది దాచేద్దామా అంది వదిన. దాస్తేనే మునుగుతారంది లాయరమ్మ. పిటిషన్ ఉన్నంత మాత్రాన విద్యార్థి కాకూడదని లేదట. చూసేది ఇప్పుడున్న ఉద్దేశాన్ని. కనక ఉన్నదున్నట్టు రాయించింది: నాన్న పిటిషన్ సంగతి నాకు తెలుసు, నేను ఎఫ్-1 అడుగుతున్నది ఈ చదువుకి, చదువు పూర్తయ్యాక ఉండటానికి చట్టం దారి చూపకపోతే వెళ్లిపోతాను, వెళ్తే ఉండటానికి మా తాతయ్య ఇల్లుంది.

ఆ చివరి ముక్క దగ్గర నేను రంగంలోకి దిగాల్సొచ్చింది.

ఉత్తరం మీద తేదీ సెప్టెంబరు 3. ఈ రకం దరఖాస్తుకి ఇచ్చేది 30 రోజులు, పోస్టులో పంపినందుకు ఇంకో 3. అక్టోబరు 6 లోపు అందాలి. పోస్టు చేయడం కాదు, అందడం. వాడి చేతికొచ్చేసరికే 11వ తారీఖు, నా దాకా వచ్చేసరికి 13. పొడిగింపు అడగడానికి లేదు. అన్నీ ఒకే కవర్లో వెళ్లాలి. ఇప్పుడు సగం, తర్వాత సగం అంటే కుదరదు. ఆ మొదటి సగం మీదే తీర్పు చెప్పేస్తారు. వాళ్లు పంపిన అసలు ఉత్తరాన్నే అన్నిటికంటే పైన పెట్టాలి, లేకపోతే మన కట్ట ఏ ఫైలుదో తెలియక ఎక్కడో తిరుగుతుంది. ఇటుపక్క దసరా, గాంధీ జయంతి ఒకేరోజు పడి ఆఫీసులు మూతపడే కాలం.

పంచాయతీలో ఇంటిపన్ను రసీదు పావుగంటలో ఇచ్చారు. అందులో మా నాన్నగారి పేరు వెంకటేశ్వరరావు. ఇంటి దస్తావేజులో వెంకటేశ్వర్లు. దేవుడొక్కడే అయినా గుమాస్తాలు ఇద్దరు. ఆ రెండు పేర్లూ నావేనని నాన్నగారు ఎనభై రెండో ఏట నోటరీ ముందు ప్రమాణం చేశారు. "ఇన్నాళ్లూ నాకే అనుమానంగా ఉండేది, ఇవాళ్టితో తీరింది" అన్నారు బయటికొస్తూ.

దస్తావేజు 1974 నాటిది, తెలుగులో ఉంది. తెలుగు కాగితం పంపితే పూర్తి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అనువాదం సంపూర్ణమనీ, సరైనదనీ, నాకు రెండు భాషలూ వచ్చుననీ అనువాదకుడు సంతకం పెట్టాలి. నాకు తెలుగు వచ్చా అని ఇన్నేళ్లలో ఎవరూ రాతపూర్వకంగా అడగలేదు. సంపాదకులు కూడా.

రాత్రి కూర్చుని మొదలుపెట్టాను. 'సదరు' దగ్గరే ఆగిపోయాను. సదరు ఆస్తిని సదరు కొనుగోలుదారునకు సదరు దినమున స్వాధీనపరచడమైనది. అమెరికా వాళ్ల ఐదు పేజీల్లోనూ ఇదే గొంతు కదా అనిపించింది. స్టాంపు కాగితం వెలిసిపోయి సిరా గోధుమరంగుకి తిరిగింది. రాసినాయన 'కి' గుడి వేసిన చోటల్లా కలం ఒత్తి కాగితం చిరిగింది. చివర్న హద్దులున్నాయి. తూర్పు: పంచాయతీ బాట. దక్షిణం: చింతచెట్టు ఉన్న ఖాళీస్థలం. పడమర: ఉమ్మడి గోడ. ఉత్తరం: నుయ్యి, సదరు నూతిలో చెరిసగం హక్కు కలదు.

నూతిలో సగం హక్కును ఇంగ్లీషులో పెట్టడానికి అరగంట పట్టింది. పొడుగునా సగమా, లోతునా సగమా అని వాళ్లు మళ్లీ అభ్యర్థిస్తే? నీళ్లు తోడుకునే హక్కని కుండలీకరణాల్లో వివరించబోయి మానుకున్నాను. లేనిది చేర్చినా అనువాదం సరైనది కాకుండా పోతుంది.

సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపాను. తెల్లవారుజామున ఫోను.

"బాబాయ్, ఆ నుయ్యి ఎక్కడుంది? నేనెప్పుడూ చూడలేదే?"

"ఎలా చూస్తావురా, నువ్వు వెళ్లిన ఏడాదే పూడ్చేశాం. బోరు వేశారుగా. దాని మీద పక్కింటివాళ్లు బైకులు పెట్టుకుంటున్నారు."

అటువైపు కాసేపు నిశ్శబ్దం. అమెరికాలో పెరిగినవాడు కదా, సంతకమంటే భయం ఎక్కువ.

"మరి నువ్వు సంపూర్ణం, సరైనది అని సంతకం పెట్టావు కదా?"

"పెట్టింది కాగితంలో ఉన్నదానికిరా. నూతిలో ఉన్నదానికి కాదు."