మిరపాకు ఎరగని మిరప ప్రాజెక్టు

గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ చదివి ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడి చేతిలో తరచూ కనిపించే ప్రాజెక్టు ఒకటుంది: ఆకు ఫోటో చూసి తెగులు చెప్పే ప్రోగ్రాం. యాక్యురసీ ఎంతని అడగడమే ఆలస్యం, "99 శాతం సార్" అంటాడు. అదే నిజమైతే లాం ఫారం శాస్త్రవేత్తలు ఈపాటికి తట్టాబుట్టా సర్దుకోవాలి.

ఇంతకీ ఆ ప్రోగ్రాం ఏ ఆకులు చూసి నేర్చుకుంది? చాలామంది దించుకునేది ప్లాంట్‌విలేజ్ ఫోటోలనే. 54 వేల పైచిలుకు ఫోటోలు, 14 పంటలు. ఆపిల్ ఉంది, బ్లూబెర్రీ కూడా ఉంది. పత్తి లేదు. మిరప తరఫున క్యాప్సికం హాజరు వేయించుకుంది. అందులోనూ బాక్టీరియా మచ్చ ఉన్నది, లేనిది అని రెండే రకాలు. 2021-22లో నల్ల తామర పురుగు ఈ జిల్లాల మిరప చేలను తుడిచిపెట్టింది. ఇక్కడి పిల్లల ప్రోగ్రాంకి ఆ పురుగు పేరే తెలీదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని చేలో కూలీ చెప్పేస్తుంది. ఈ ప్రోగ్రాంకి ముడతాకు చూపిస్తే "నాకు తెలీదు" అనడం కూడా చేతకాదు. నేర్చుకున్న 38 రకాల గడుల్లో ఏదో ఒకదాన్లో టిక్కు పెట్టి తీరుతుంది.

పోనీ ఆ 99 సంగతి? ఒకే ఆకును నాలుగు వైపుల తీసిన ఫోటోల్లో కొన్ని శిక్షణకి, కొన్ని పరీక్షకి పోతే, ఆ పరీక్ష పేపరు ముందే లీకైనట్టు. అలా లీకవకుండా జాగ్రత్త తీసుకున్న మొహంతీ, హ్యూజ్, సలాతేలు 2016లో ఇవే ఫోటోల మీద 99.35 శాతం సాధించారు. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే అది 31 శాతం దగ్గరికి పడిపోయిందని కూడా వాళ్లే రాశారు. మనవాళ్లు మొదటి అంకె ఇంటికి తెచ్చుకుని, రెండోదాన్ని అక్కడే వదిలేశారు. ఇక ఇంటర్వ్యూ ఇలా సాగుతుంది.

"ఈ మోడలే ఎందుకు ఎంచుకున్నారు?"

"గైడ్ చెప్పారు సార్."

"ఎక్కడ దెబ్బతింది?"

"ఎక్కడా తినలేదు సార్."

"ఇందులో నువ్వు చేసిందేమిటి?"

"మా బ్యాచ్ నలుగురం సార్."

ఆ నలుగురిలో ఒకడు అమీర్‌పేటలో ప్రాజెక్టుకి డబ్బు కట్టాడు. ఒకడు బంగారు అక్షరాల బైండింగు చేయించాడు. ఒకడు స్లైడ్లు దిద్దాడు. నాలుగోవాడు ఇప్పుడు ఎదురుగా కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నాడు. న్యాయంగా ఈ ఉద్యోగం ప్రాజెక్టు అమ్మినాయనకి ఇవ్వాలి. దానిలో ఏముందో ఆయనకైనా తెలుసు.

అడిగేవాడు వినాలనుకునేది ఇలాంటి జవాబు: "మా చేలో ముడతాకుల్ని సెల్లుతో ఫోటో తీసి ప్రోగ్రాంకి ఇచ్చాను సార్. వెనక మట్టి, కలుపు, నీడ కనిపించేసరికి తప్పులు చెప్పింది. పై ముడత, కింది ముడత వేరుచేసి కొత్త ఫోటోలు చేర్చింది నేనే. ఒక చేను ఫోటోలు మొత్తం శిక్షణకి చూపకుండా పరీక్షకే దాచాను. శాతం బాగా పడిపోయింది, కానీ ఏ ఆకు దగ్గర ఎందుకు తప్పుతోందో చూపించగలను."

ఈ మాట అనాలంటే ఒక పూట చేలోకి దిగాలి. ఆ పూట అమీర్‌పేటలో అమ్మరు.