ఎక్సెల్‌లో నడిచే ఫ్యాక్టరీ

మన చిన్న పరిశ్రమల్లో ఏనాడూ నష్టమెరుగనిది ఒకటుంది. అది బ్యాంకుకిచ్చే ప్రాజెక్ట్ రిపోర్ట్‌లోని ఫ్యాక్టరీ. అందులో కరెంటు పోదు. పండక్కి ఊరెళ్లిన పనివాళ్లు చెప్పిన రోజుకే తిరిగొస్తారు. సరుకు తీసుకున్న డీలరు ముప్పయ్యో రోజున ఠంచనుగా డబ్బు పంపుతాడు. మిషన్లు మొదటి ఏడాది 70 శాతం, రెండో ఏడాది 80, మూడో ఏడాది 90 శాతం నడుస్తాయి. పేపర్ కప్పులైనా పచ్చళ్లైనా సిమెంటు ఇటుకలైనా అవే మెట్లు. రాసేవారి దగ్గర ఉన్న ఫైలు ఒక్కటే, మారేది యజమాని పేరు.

ఎంత అమ్ముతామో ముందు తేల్చుకుని, దానికి ఎంత అప్పు తట్టుకోగలమో ఆ తర్వాత చూడాలి. మనవాళ్లు అప్పుతో మొదలుపెట్టి అమ్మకాల దగ్గర తేలతారు.

పేపర్ కప్పుల యూనిట్‌నే తీసుకుందాం. నిమిషానికి 70 కప్పులు చేసే మిషన్లు రెండు, రోజుకు రెండు షిఫ్టులు, ఏడాదికి 300 రోజులు. గుణిస్తే సుమారు 4 కోట్ల కప్పులు, కప్పు అర్ధరూపాయి చొప్పున 2 కోట్ల టర్నోవర్. మిషన్ ఆగకుండా, రీలు మార్చకుండా, ఒక్క కప్పూ చెడిపోకుండా నడిస్తే వచ్చే అంకె ఇది. టర్మ్ లోన్ 40 లక్షలు, వడ్డీ 10 శాతం, ఐదేళ్లలో తీర్చాలి. మారటోరియం పోయాక మొదటి ఏడాది అసలు 8 లక్షలు, వడ్డీ దాదాపు 4 లక్షలు, మొత్తం 12.

ఇప్పుడు డీఎస్‌సీఆర్ అనే దేవుడి వంతు. కట్టాల్సిన ప్రతి రూపాయికీ యూనిట్ ఎన్ని రూపాయలు సంపాదిస్తుందో చెప్పే అంకె అది. బ్యాంకులు సాధారణంగా 1.5 దాకా చూడాలనుకుంటాయి. మన యూనిట్ 60 శాతం నడిస్తే అమ్మకం 120 లక్షలు. కాగితం, కరెంటు, రవాణా పోగా నూటికి 25 మిగిలితే 30 లక్షలు. అందులో జీతాలు, అద్దె 14, సీసీ వడ్డీ 2.4. పన్ను పక్కన పెడితే 13.6 లక్షలు మిగిలాయి. పన్నెండుతో భాగిస్తే 1.13.

‘ఇలా అయితే ఫైలు కదలదండీ’ అంటారు రిపోర్ట్ రాసేవారు. ఎక్సెల్‌లో 60 ఉన్న గడిలో 70 కొడతారు. టర్నోవర్ 140, మిగులు 35, ఖర్చులూ సీసీ వడ్డీ పోగా 18.2. డీఎస్‌సీఆర్ 1.52! కొత్త డీలరు రాలేదు, కొత్త ఆర్డరు రాలేదు. యజమాని టీ తాగి కప్పు పారేసేలోపు ఏడాదికి 20 లక్షల అమ్మకం పెరిగింది.

దీనికి ఇంకో ప్రసాదం కూడా ఉంది. చిన్న యూనిట్లకు అంచనా టర్నోవర్‌లో 20 శాతం వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ ఇవ్వాలన్నది నాయక్ కమిటీ నాటి సూత్రం. అంటే అంచనా ఉబ్బితే సీసీ లిమిట్ కూడా 24 నుంచి 28 లక్షలకు ఉబ్బుతుంది. మేనేజర్ గారికి ఇదంతా తెలియదా? తెలుసు. ఆయనకూ ఫైల్లో 1.5 కావాలి.

మార్కెట్ అధ్యాయం మరీ ముచ్చటగా ఉంటుంది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు నిషిద్ధం కాబట్టి గిరాకీ అపారమని రాస్తారు. ఆ నోటిఫికేషన్ పక్క వీధివాడూ చదివాడన్న సంగతి ఏ పేజీలోనూ ఉండదు. వాడూ మిషన్ పెట్టాడు. ధర తగ్గించక తప్పక నూటికి 25 మిగలాల్సింది 20 మిగిలితే, అదే 70 శాతం దగ్గర డీఎస్‌సీఆర్ 0.93కి పడుతుంది. మొదటి ఏడాది మిషన్లు 40 శాతమే నడిస్తే, నూటికి 25 మిగిలినా, అన్నీ పోగా చేతికొచ్చేది 3 లక్షల పైచిలుకు. టర్మ్ లోన్ వడ్డీకే చాలదు. అప్పుడు వాయిదాను సీసీ ఖాతాలోంచి కడతారు, కాగితం కొనడానికి డబ్బుండదు, మిషన్ మరింత ఆగుతుంది. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ. హామీగా రాసిచ్చిన ఇల్లు మాత్రం ఎక్సెల్‌లోది కాదు.

కాబట్టి సంతకం పెట్టేముందు మీ సీఏ గారిని ఒకటే అడగండి: వాయిదా కట్టడానికి మిషన్లు కనీసం ఎంత శాతం నడవాలి? మన కప్పుల లెక్కలో అది దాదాపు 58. నెలకు 9.6 లక్షల అమ్మకమన్నమాట. ఎవరెవరు కొంటారో, ఎన్నాళ్లకు డబ్బిస్తారో పేర్లతో రాసి కూడండి. అక్కడికి చేరకపోతే అప్పు తగ్గించి ఒక్క మిషన్‌తో మొదలుపెట్టండి. లేదా మారటోరియం ఇంకో ఆర్నెల్లు అడగండి. ఆ గడిలో 70 మాత్రం కొట్టనివ్వకండి.