లోతుకి ఒక గడి

మా రోజుల్లో ఆపరేషన్ అయిన మనిషి ఫైలు తెరిస్తే మొదటి కాగితం మీదే గాయం సంగతంతా కనిపించేది. ఇప్పుడు ఫైలు లావెక్కింది, ఆ కాగితం మాత్రం లేదు. సర్జికల్ వార్డులో సిస్టరుగా చేరి, హెడ్ సిస్టరుగా రిటైరైనదాన్ని. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను.

అప్పట్లో మా చీఫ్ గారు నోట్సు పొడుగ్గానే రాసేవారు. అది తప్పని నేననను. ఎందుకు కుట్టు విప్పారో, ఎందుకు మందు మార్చారో, ఆయన ఆలోచనంతా అందులోనే ఉండేది. కానీ డ్రెస్సింగ్ గదిలో చేతులకి గ్లౌజు వేసుకున్న పిల్లకి అంత చదివే తీరికెక్కడిది? అందుకని ఆయన నోట్సులోంచి మేం ఒక పట్టిక తీసేవాళ్లం. స్కేలుతో గడులు గీసి, కార్బన్ పెట్టి రెండు కాపీలు రాసి, ఒకటి ఫైలు మొదట్లో కుట్టేవాళ్లం, ఇంకోటి ఇంటికెళ్లే మనిషికి ఇచ్చేవాళ్లం. ఊళ్లో డ్రెస్సింగ్ చేసేవాళ్లకి అదే దారి చూపేది.

ఇప్పుడు నోట్సు కంప్యూటర్లో. అక్షరాలు చక్కగా ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ కిందటిసారి రాసింది అలాగే దించి, రెండు మాటలు మార్చి వదిలేస్తున్నారు. మా వీధిలో ఒకావిడ ఫైలు చూశాను. షుగరున్న మనిషి. డుయోడినమ్‌లో అల్సరు చిల్లుపడితే రాత్రికి రాత్రి పొట్ట మధ్యగా కోసి, చిల్లు మీద కొవ్వుపొర కప్పి కుట్టారు. ఆపరేషన్ చక్కగా చేశారు, ప్రాణం నిలిచింది. ఆ తర్వాత గాయం కింది కొసన చీము పట్టింది. నెలన్నర దాటినా డ్రెస్సింగులు జరుగుతూనే ఉన్నాయి. ప్రతి రాకకీ మూడేసి పేజీలు, ప్రతి పేజీలోనూ ‘గాయం ఆరోగ్యంగా ఉంది, మానుతోంది’. పధ్నాలుగో రోజున కుట్లన్నీ తీసేశామని రాసి, ఇరవై ఎనిమిదో రోజు పేజీలో ‘కుట్లు పదిలంగా ఉన్నాయి’ అన్నారు. పాత వాక్యం కొత్త తేదీ కింద కూర్చుంది.

నేను కాగితం తీసుకుని, మాకు నేర్పిన పద్ధతిలోనే గడులు గీశాను. ఒక్కో రాకకి ఒక్క వరుస. తేదీ పక్కన ఆపరేషన్ రోజుని సున్నాగా లెక్కేసి ఎన్నో రోజో రాయాలి. గాయం విషయంలో చాలా సంగతులు ఆ అంకె చూస్తేనే అర్థమవుతాయి. రెండో రోజు కాస్త జ్వరం వస్తే గాయం మీదకి అనుమానం అంత త్వరగా పోదు. అయిదో రోజు జ్వరమొస్తే ముందు కట్టు విప్పి చూడాలి. అయిదు నుంచి పది రోజుల మధ్య గులాబీ రంగు నీరు ఒక్కసారిగా కట్టుని తడిపేస్తే లోపలి గట్టి పొర విడిపోతోందేమోనని వెంటనే సర్జన్‌ని పిలవాలి. తేదీ ఒక్కటే రాస్తే ఇవేవీ కంటికి తట్టవు.

పొగడ్త మాటలు పట్టికలోకి రానివ్వకూడదు. ‘బాగుంది’ అన్నది కొలత కాదు. పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో ఉండాలి, అందులోనూ లోతుకి విడిగా ఒక గడి ఇవ్వాలి. అడుగు ఎర్రగా ఉందా, పసుపుపచ్చ స్లఫ్ పట్టిందా, నల్లబడిందా రాయాలి. నోట్సులో ఆ రోజు షుగరు ఎంతో లేకపోతే గడిలో ‘రాయలేదు’ అని పెట్టాలే తప్ప ఖాళీగా వదలకూడదు, ‘మామూలే’ అని అసలే పూరించకూడదు. చీము లేకపోవడం వేరు, చీము ఉందో లేదో చూడకపోవడం వేరు. ఇక ఆ కుట్ల సంగతిలాగా రెండు పేజీలు ఒకదాన్నొకటి కాదంటే, ఏది నిజమో మనం తేల్చకూడదు. పక్కన ప్రశ్న గుర్తు పెట్టి సర్జన్‌నే అడగాలి.

అలా తీస్తే ఆ లావుపాటి ఫైలు ఇంతకు తేలింది, తేదీ, షుగరు వంటి గడులు ఇక్కడ వదిలేశాను:

| రోజు | పొడవు × వెడల్పు (సెం.మీ.) | లోతు (సెం.మీ.) | అడుగు, స్రావం | చేసిన పని |
|---|---|---|---|---|
| 5 | 4 × 2 | 1.5 | చీము, చుట్టూ ఎరుపు, జ్వరం | కింది కుట్లు రెండు విప్పారు, చీము పరీక్షకి పంపారు, లోపలి పొర గట్టిగా ఉంది |
| 8 | 4 × 2 | 1.5 | పసుపు స్లఫ్, జ్వరం లేదు | రిపోర్టులో ఈ.కోలై, మందు మార్చారు, రోజుకి రెండు డ్రెస్సింగులు |
| 14 | 3 × 1.5 | 1 | ఎర్రటి కండ, కొద్దిగా నీరు | మిగతా కుట్లు తీశారు |
| 28 | 2 × 1 | 1 | ఎర్రటి కండ, కొద్దిగా చీము | డ్రెస్సింగ్ రోజుకి ఒకటి (కుట్లు ఉన్నాయా?) |
| 42 | 1 × 0.5 | 1 | కొద్దిగా చీము | అదే డ్రెస్సింగ్ |

మూడో గడిని పైనుంచి కిందికి చదవండి. పధ్నాలుగో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా లోతు కదలలేదు. రెండో గడిలో మాత్రం నోరు ముడుచుకుపోతూనే ఉంది. గాయం అడుగు నుంచి పైకి పూడాలి. అడుగు అక్కడే ఉండి పైన నోరు మూసుకుంటోందంటే లోపల ఏదో అడ్డుంది. అలాగే వదిలేస్తే చర్మం కలుస్తుంది, లోపల మళ్లీ చీము కూడుతుంది, మళ్లీ పగులుతుంది. నోట్సులో ‘మానుతోంది’ అన్నది అబద్ధం కాదు, గాయం నిజంగానే చిన్నదవుతోంది. లోతు అంకె ఒక్కోటి ఒక్కో పేజీలో నడుమన ఇరుక్కుని ఉంటే పక్కపక్కన పెట్టి చూసేదెవరు?

ఆ కాగితం ఆవిడ చేతికిచ్చి, ‘అమ్మా, డాక్టరుగారికి ముందు ఇది చూపించండి, ఫైలు తర్వాత’ అన్నాను. ఆ సర్జన్ పెద్దమనిషి. పట్టిక చూడగానే ప్రోబ్ తెప్పించుకుని లోపల పెట్టి చూశారట. అడుగున గరుగ్గా తగిలింది. లోపలి పొర కుట్టిన ప్రోలీన్ దారం ముడి అది. ఆ దారం ఒంట్లో కరగదు. దానికి చీము పట్టుకుంటే ముడి పోయేదాకా రంధ్రం మానదు. అప్పటికి లోపలి పొర గట్టిపడింది కనుక మత్తుసూది వేసి ముడి కత్తిరించి తీసేశారు. యాభై ఆరో రోజుకి గాయం పూడి, చర్మం కలిసింది. పట్టికలో ఆ వరుస కూడా రాయించాను.

పట్టిక ఉంది కదాని నోట్సు పారెయ్యమనను. ఒక గడిలో ‘మందు మార్చారు’ అని పడుతుంది కానీ, ఎందుకు మార్చారన్నది పట్టదు. అందుకే ప్రతి వరుస చివరా నోట్సు పేజీ నంబరు వెయ్యాలి. పట్టిక పైన, ఆ మనిషికి పడని మందు పేరు ఎర్ర సిరాతో రాయాలి. పట్టిక కింద మళ్లీ ఎప్పుడు రావాలో, ఏం కనిపిస్తే ఆగకుండా రావాలో తెలుగులో రెండు వాక్యాలుండాలి. ఇంటివాళ్లకి పనికొచ్చేవి అవే.

ఇప్పటి పిల్లలు ‘టైము లేదు మేడమ్’ అంటారు. మా వార్డులోనూ మనుషులు చాలేవారు కాదు, మంచాలు చాలక నేల మీద పడుకోబెట్టేవాళ్లం. అయినా మనిషి గుమ్మం దాటేలోపు పట్టిక రాసి, చీఫ్ గారి చేత చదివించి, సంతకం పెట్టించేవాళ్లం. సంతకం లేని పట్టిక ఫైల్లోకి వెళ్లేది కాదు. ఎందుకంటే కుదించినప్పుడు ఒక అంకె జారితే ఊళ్లో డ్రెస్సింగ్ చేసే పిల్ల దాన్నే నమ్ముతుంది. కంప్యూటరు గడులు గీసిపెడుతుంది, స్కేలు కూడా అక్కర్లేదు. గాయంలో ప్రోబ్ పెట్టి లోతు కొలవడం, ఆ అంకెని కిందటి అంకె కిందే రాయడం, రెంటినీ చూసి సర్జన్ సంతకం చెయ్యడం, ఈ మూడూ మనుషులు చెయ్యాల్సినవి. డిశ్చార్జి రోజునే అవి మొదలుపెట్టించండి.