నిద్రపోయింది ఖాతా, ఆధారాలు చూపాల్సింది అత్త

‘మీ డబ్బు – మీ హక్కు’ అట. 2025 అక్టోబరు 4న గాంధీనగర్‌లో ఆర్థిక మంత్రి గారు మొదలుపెట్టారు, డిసెంబరు దాకా ఊరూరా శిబిరాలన్నారు. బ్యాంకులు, బీమా, పీఎఫ్, షేర్లు అన్నీ కలిపితే 1,84,000 కోట్లు అడిగే నాథుడు లేక పడి ఉన్నాయని లెక్క చెప్పారు.

ఆ నాథుల్లో కొందరు ఎక్కడున్నారో నేను చూపిస్తాను. ప్రొద్దుటూరులో ఒక బ్యాంకు బ్రాంచిలో, గోడవారగా బెంచీ మీద వరసగా కూర్చోనుండారు. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్, పాన్, రెండు ఫొటోలు, అంచులు చిరిగిన పాస్‌బుక్కు. అడగడానికే వచ్చారు. వాళ్లను కూర్చోబెట్టి, అడిగేవాళ్లు కనబడటం లేదని దేశమంతా దండోరా!

ఆ బెంచీ మీద మా మేనత్త కూడా ఉంది. జమ్మలమడుగులో మగ్గం నేసిన మనిషి. ప్రొద్దుటూరులో తెరిచిన ఖాతాలో 18,000 చిల్లర దాచుకుంది. పథకాల డబ్బు వేరే ఖాతాలో పడుతుంటుంది కాబట్టి దీని జోలికి పోలేదు. రెండేళ్లు ఖాతాదారు తరఫున లావాదేవీ ఏదీ జరగకపోతే ఖాతాను నిద్రలో పెట్టేస్తారు. బ్యాంకు తనంతట తాను వేసుకునే వడ్డీ, కోసుకునే చార్జీ ఈ లెక్కలోకి రావు. ఏడాది గడిచినప్పుడే మనిషికి కబురు పంపాలన్నది నియమం. పంపారట, ఎస్సెమ్మెస్. అది ఎప్పుడో ఆగిపోయిన సిమ్ముకు పోయింది.

ఈ నిద్ర పెట్టడం తప్పని నేననను. ఎవరూ చూడని ఖాతాను లోపలివాళ్లే ఖాళీ చేసిన కేసులు ఉన్నాయి, అందుకే తాళం. తాళం వేసిన చెయ్యే తియ్యమంటే వణుకుతుంది చూడండి, నా పేచీ అక్కడ.

తీసే పద్ధతి కాగితం మీద చాలా చిన్నది. ఒక అర్జీ, ఆధార్ లాంటి గుర్తింపు పత్రం, పాన్ (లేకపోతే దాని బదులు ఇచ్చే ఫారం), ఒక ఫొటో. గుమాస్తా కంప్యూటర్లో ఎక్కిస్తాడు, పైఅధికారి సరేనంటాడు, అంతే. మా అత్త కాగితాలన్నీ ఇచ్చింది. గుమాస్తా తెర వంక చూసి, ఆమె వంక చూసి, మళ్లీ తెర వంక చూసి, ‘పేరు కలవలేదు’ అన్నాడు.

అత్త పేరెందుకులెండి, లక్ష్మమ్మ అనుకుందాం. పాస్‌బుక్కులో G LAKSHMAMMA. ఆధార్లో LAKSHUMAMMA GAJULA. మన దేశాన ఇంటిపేరు ముందుంటుంది, ఒక అక్షరమూ చుక్కతో సరిపోతుంది. ఆధార్ ఎక్కించిన కుర్రాడు దాన్ని విప్పి వెనక్కి జరిపాడు, మధ్యలో తన చెవికి వినబడినట్టు ఒక U చేర్చాడు. పాన్ చేయించిన నెట్ సెంటర్లో తండ్రి పేరు మధ్యలో దూర్చారు. మూడు కాగితాలు, ముగ్గురు ఆడమనుషులు. ముగ్గురిదీ ఒకే ముఖం, ఒకే పుట్టిన తేదీ. ఎదురుగా నిలబడింది మాత్రం ఒక్కతే. ఆ ఒక్కతే ఈ ముగ్గురూ అని నోటరీ దగ్గర స్టాంపు కాగితం మీద అఫిడవిట్ తెమ్మన్నాడు.

‘నేను నేనేనని వకీలు చెప్పాల్నా సామీ? వాడు నన్ను ఎప్పుడు చూసినాడు?’ అనింది అత్త.

సరే, పేర్లు కలవాలి. ఇక్కడ ఎవరెవరి పేర్లు కలిశాయో చూద్దాం. అత్త బ్యాంకు ఏదో నేను చెప్పను, కానీ ఈ జిల్లా జనం దాచుకున్న బ్యాంకుల సంగతి అందరికీ తెలిసిందే. రాయలసీమ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రా ప్రగతి అయింది. ఆ ప్రగతి కూడా 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకు అయిపోయింది. బోర్డు మారింది, రంగు మారింది, ఐఎఫ్ఎస్‌సీ మారింది. ‘నువ్వూ ఆ పాత బ్యాంకూ ఒకటేనని నోటరీ తీసుకురా’ అని మా అత్త ఏ మేనేజరునూ అడగలేదు. డబ్బు వాళ్ల చేతిలోనే ఉంచింది.

జిల్లా మాత్రం నిలకడగా ఉందా? ఇంగ్లీషులో Cuddapah అని రాసేవాళ్లు, 2005లో Kadapa అన్నారు, 2010లో వైఎస్సార్ జిల్లా అన్నారు, 2025లో వైఎస్సార్ కడప అన్నారు. అత్త పాత పాస్‌బుక్కులో ఒక జిల్లా, ఆధార్లో ఇంకొకటి, ఇప్పుడు కొట్టిస్తే మూడోది. ఆమె మాత్రం పెళ్లయి వచ్చిన ఇంట్లోనే ఉంది. బ్యాంకు పేరు మార్చుకోవచ్చు, జిల్లా పేరు మార్చుకోవచ్చు, చివరికి తేడా మనిషి మాత్రం మగ్గం గుంట దాటని ముసలామె!

పోనీ ఆధార్ దిద్దిద్దామంటే రుసుము 75 రూపాయలు, పేరు మార్చుకునే అవకాశం జీవితం మొత్తానికి రెండుసార్లు. కేంద్రంలో వేలిముద్ర పెట్టమంటారు. నలభై ఏళ్లు పోగులు లాగిన వేళ్లకు గీతలుంటాయా? యంత్రం ఎర్రలైటు వేసి నువ్వు నువ్వు కాదంటుంది. ఓటీపీ పెడదామంటే అది చచ్చిన సిమ్ముకే పోతుంది. నంబరు మార్చమంటే, ముందు ఖాతా లేవాలంటారు. ఖాతా లేపమంటే, ముందు నంబరు ఉండాలంటారు.

ఇక నవ్వుతూ రాయడం నా వల్ల కాదు. ఇందులో చట్టం కోరింది ఏ ముక్కా లేదు. 2024 జనవరి 1న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ఆ ఏడాది ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. నిద్ర ఖాతాను లేపడానికి పైసా తీసుకోకూడదు. కనీస నిల్వ లేదని జరిమానా కొయ్యకూడదు. నిద్రలో ఉన్నా సేవింగ్స్ వడ్డీ వెయ్యాలి. ఖాతా ఎక్కడ తెరిచినా సరే, ఏ బ్రాంచిలోనైనా కాగితాలు తీసుకోవాలి. అంటే జమ్మలమడుగు బ్రాంచిలోనే పని కావాలి, మా అత్తను ‘హోం బ్రాంచికి పో’ అని ప్రొద్దుటూరు బస్సెక్కించడం తప్పు. కాగితాలు పూర్తిగా అందాక మూడు పనిదినాల్లో తేల్చాలి. గెజిట్టో పెళ్లి సర్టిఫికెట్టో అవసరమయ్యేది గుర్తింపు కార్డు వచ్చాక పేరు మారినప్పుడు. మా అత్త పేరు ఏనాడు మార్చుకుంది? స్పెల్లింగు మార్చినవాళ్లు వేరేవాళ్లు. ముఖం చూసి, ఫొటో చూసి, పాత సంతకం కార్డు తీసి చూసి నిర్ణయించమనే అధికారికి జీతమిస్తున్నారు. ఆ నిర్ణయం తను మొయ్యలేక స్టాంపు కాగితం మీదికి తోస్తున్నాడు. రేపు ఏదైనా జరిగితే నోటరీ ఉంది కదా అని ఆయన ధైర్యం. ఆయన ధైర్యానికి బస్సు చార్జీ, నోటరీ ఫీజు, ఒక పూట కూలి పెట్టేది మా అత్త.

వీడియోలో చేయించుకోవచ్చుగా అంటారు, కెమెరా ముందు కళ్లార్పి. యాసిడ్ దాడికి గురైనవాళ్లు ఆ కళ్లార్పే పరీక్ష దాటలేక సుప్రీంకోర్టుకు పోవాల్సొచ్చింది. 2025 ఏప్రిల్ 30న కోర్టు వేరే దారి పెట్టమని చెప్పింది.

ఇంకో సంగతి. అందరూ ఉద్గమ్ పోర్టల్లో వెతకమంటున్నారు. అందులో దొరికేది పదేళ్లు దాటి రిజర్వు బ్యాంకు నిధికి పోయిన డబ్బు జాడే. మా అత్తది ఇంకా బ్యాంకులోనే ఉంది కాబట్టి అక్కడ కనబడదు. కనబడినా, ఇప్పించేది మళ్లీ ఈ కౌంటరే.

కాబట్టి అత్తా, ఈసారి నోటితో అడగొద్దు. అర్జీ రెండు కాపీలు రాసిస్తాను, రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం అని పైనే ఉంటుంది. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకో. మూడు పనిదినాలు దాటితే బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇద్దాం. నెలలో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెడదాం, ఆ ఫిర్యాదుకు రుసుము లేదు. సందేహముంటే 14448కి ఫోన్ చేస్తాను. ముద్ర వెయ్యనంటే మాత్రం లేచి రావద్దు. ఎందుకు వెయ్యనన్నాడో ఆ అర్జీ వెనకాలే రాసి సంతకం పెట్టమను. ఆ సంతకంలో ఆయన ఇంటిపేరు ముందు రాస్తాడో వెనక రాస్తాడో నాకూ చూడాలనుంది.