టూరు రెండ్రోజులు, బిల్లు నాలుగు నెలలు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి టూరు ముగించుకొచ్చిన 60 రోజుల్లోగా టీఏ బిల్లు పెట్టాలి. అంతకుముందు ఏడాది గడువు ఉండేది, 2018లో కుదించారు. బాగుంది. మరి ఆ బిల్లు చూసే సీటుకు గడువెంత? ఆ నిబంధన ఇంకా టూర్లోనే ఉన్నట్టుంది!

ఓ గుమాస్తాగారు హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లి జూన్ 14న తిరిగొచ్చారు. 20న బిల్లు ఇచ్చారు. ఆగస్టులో అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’. సెప్టెంబరులో ‘బడ్జెట్ లేదండీ’. అక్టోబరుకు సీట్లో మనిషి మారాడు. కొత్తాయన ఫైలు పైపైన తిరగేసి, ‘లాడ్జి రసీదు ఒరిజినల్ ఏదీ?’ అంటూ అబ్జెక్షన్ రాసేశారు.

గుమాస్తాగారు నోరు చేసుకోలేదు. ఇన్‌వార్డు నంబరు, తేదీ, ముద్ర పడిన తన రెండో ప్రతి తీశారు. జతపరచిన కాగితాల జాబితాలో మూడో వరుస: ‘లాడ్జి రసీదు, ఒరిజినల్’. పక్కనే తీసుకున్నవారి పొట్టి సంతకం. ఎప్పుడు ఎవరిని అడిగిందీ, ఏం జవాబొచ్చిందీ తేదీలవారీగా ఒక్క పేజీలో రాసి, ఆ ప్రతి జిరాక్సు జతచేసి డీడీవోకు ఇచ్చారు.

మర్నాటికల్లా రసీదు దొరికింది. ఆ ఫైల్లోనే, టూరు ఆర్డరు వెనకాల, పిన్నుకు గుచ్చుకుని! అన్నట్టు, లేదన్న బడ్జెట్ కూడా అదే రోజు వచ్చింది.

టీఏ బిల్లు పెట్టబోయే అయ్యలారా, అమ్మలారా! రెండో ప్రతి మీద ముద్ర పడేదాకా ఆ బల్ల ముందు నుంచి కదలకండి.