పోయి వచ్చేసరికి

బడిబాట మీటింగు. జూన్ నెల, ఇంకా వాన పడలేదు. జహీరాబాద్ నుంచి బీదర్ దిక్కు పోతుంటే లోపలికి తిరగాల్సిన ఊరు. పేరెందుకు లెండి. వేపచెట్టు కింద షామియానా వేశారు. టేబుల్ మీద ఏడు శాలువాలు, పక్కన వరసగా తొమ్మిది పాత ఫోన్లు.

హెడ్మాస్టరు గారు మైకు సవరించుకున్నారు. "ఎండాకాలం సెలవుల్లో నిద్ర మానుకొని మన బడి కోసం ఈ ఫోన్లను పరీక్షించిన వాలంటీర్లకు..." అంటూ మొదలుపెట్టి నా దిక్కు చెయ్యి చూపించారు. జనం చప్పట్లు కొట్టారు. నాది జహీరాబాద్‌లో సెల్ రిపేరు దుకాణం. నిద్రేమీ మానుకోలేదు గాని, సంగతి మాత్రం నాకు మొదటి నుంచి తెలుసు.

2020 సెప్టెంబరు 1న టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలైనప్పుడు ఈ ఊళ్లో సగం మంది పిల్లలు పక్కింటి గడప మీద కూచొని విన్నారు. అది చూసి పోయిన పిల్లగాడొకడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో కుదిరాక, హోంవర్కుకు సాయం చేసే యాప్ తయారుచేశాడు. లెక్క రాసినా, పుస్తకం ఫొటో తీసి పెట్టినా తర్వాతి మెట్టేమిటో తెలుగులో చెబుతుంది. జవాబు మాత్రం చెప్పదు. వాడి కొత్త ఫోనులో అది గుర్రంలా పరుగెత్తింది. మాకు చందాగా వచ్చినవి గుర్రాలు కావు.

మొత్తం పద్నాలుగు వచ్చాయి, వరసగా నంబర్లు వేశాము. మూడింటిని బల్ల మీద వెల్లకిలా పెట్టి తిప్పితే బొంగరాల్లా తిరిగాయి. వీపు ఉబ్బిందంటే లోపల బ్యాటరీ ఉబ్బినట్టే. అట్లాంటిదాన్ని చార్జింగుకు పెట్టొద్దు, నొక్కొద్దు. వాటిని పక్కన పడేశాను. ఇంకో రెండు పైకి నిగనిగలాడుతున్నాయి గాని పనికిరాలేదు. ఇచ్చినాయన తన ఫొటోలు ఎవరికీ దొరకొద్దని బటన్లు నొక్కి మొత్తం చెరిపి ఇచ్చాడు. ముందు గూగుల్ ఖాతా తీసేయకుండా అట్లా చెరిపితే, ఫోను లేవగానే పాత యజమాని ఖాతా అడుగుతుంది. దొంగల కోసం పెట్టిన తాళం అది. దానం చేసినాయనకే పాస్‌వర్డు గుర్తులేదు. మిగిలినవి తొమ్మిది.

ఏడుగురు వాలంటీర్లు. దోషం కనబడితే ఒక నోటుబుక్కులో రాయాలి. పేరు రాస్తే మొహమాటపడి తప్పులు చెప్పరని తలా ఒక నంబరు ఇచ్చాము.

"మొదటిరోజే ఒక వింత!" హెడ్మాస్టరు గారు నోటుబుక్కు తెరిచి నవ్వారు. "రెండు ఫోన్లల్లో యాప్ అసలు తెరుచుకోలేదు. చూస్తే వాటిల్లో తారీఖు 1970 జనవరి 1!"

నిజమే. బ్యాటరీ పూర్తిగా చచ్చి చాలారోజులు మూలన పడుంటే పాత ఫోను తారీఖు మరిచిపోయి అక్కడికి పోతుంది. యాప్ మాట్లాడే సర్వరుకు ఒక గుర్తింపు పత్రం ఉంటుంది, దాని మీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు చెల్లుతుందని ఉంటుంది. 1970లో ఉన్న ఫోను దాన్ని చూసి, ఇది ఇంకా పుట్టలేదు పొమ్మంటుంది. నెట్టు లేదనుకొని మావాళ్లు పొద్దంతా వైఫై డబ్బా చుట్టూ తిరిగారు. తారీఖు చేత్తో దిద్దగానే తెరుచుకుంది.

అది చిన్నది. పెద్దదాన్ని పట్టింది ఆరో నంబరు. పదకొండో ఫోనులో పిల్లలు ప్రశ్న టైపు చేసి, ఫొటో కూడా పెడదామని కెమెరా తెరిచి, తీసి వెనక్కి వచ్చేసరికి రాసిందంతా మాయం. ఒకసారి పోతుంది, ఒకసారి పోదు. హైదరాబాద్ పిల్లగాడికి ఫోన్ చేస్తే "నా దగ్గర మంచిగనే ఉందన్నా" అన్నాడు. మిగతావాళ్లు "ఫోను ఖరాబు" అని రాసి వదిలేశారు. ఆరో నంబరు మాత్రం వదల్లేదు. ఆ పేజీని హెడ్మాస్టరు గారు మైకులో చదివారు:

"ముందు ఫొటో, వెనక రాత అయితే పోతలేదు. ముందు రాత, వెనక ఫొటో అయితే పోతుంది. మూడుసార్లు చూసిన. పక్క ఫోన్ల పోతలేదు."

పదిహేనేళ్లుగా ఫోన్లు విప్పుతున్నాను, నేనైతే ఇంత శుభ్రంగా రాసుండను. పదకొండో ఫోనులో ర్యామ్ ఒక్క జీబీ. కెమెరాకు చాలా చోటు కావాలి. చోటు చాలకపోతే ఫోను వెనకున్న యాప్‌ను బయటికి నెట్టేస్తుంది. మనం తిరిగొచ్చేసరికి యాప్ కొత్తగా పుట్టి, తెల్ల కాగితం చూపిస్తుంది. రెండు జీబీల ఫోనులో రెండూ సర్దుకుంటాయి, అందుకే అక్కడ పోలేదు. ఫొటో ముందే తీస్తే పోగొట్టుకోవడానికి రాతే ఉండదు. ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించగానే హైదరాబాద్ పిల్లగాడు తన ఫోనులో Developer options కు పోయి Don't keep activities ఆన్ చేశాడు. పక్కకు పోగానే యాప్ తెరను చంపేసే మీట అది. వాడి కొత్త ఫోనులో కూడా రాత మాయమైంది. తప్పు ఫోనుది కాదని అప్పుడు తేలింది. టైపు చేస్తున్నప్పుడే రాతను ఫోనులో దాచిపెట్టి, తిరిగొచ్చినప్పుడు మళ్లీ చూపించేటట్టు ఆ రాత్రికే మార్చి పంపాడు. పదకొండో ఫోనులో ఇరవైసార్లు చూశాం. పోలేదు.

హెడ్మాస్టరు గారు మంచి మాటకారి. ఊపు మీదున్నారు.

"చూడండి! పిల్లగాడు పని మీద అట్ల పక్కకు పోయి వస్తడు. వచ్చేసరికి వాడు రాసింది తుడిచిపెట్టేసుడు ఏం న్యాయం? మనిషి తిరిగొచ్చేదాక వాని జాగ వానికి ఉంచొద్దా? ఫోనుకు బుద్ధి లేదు సరే, తయారుచేసినోనికైనా ఉండాల్నా వద్దా?"

జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను.

"ఆ ఆరో నంబరు ఎవరో గాని, పెద్ద ఇంజినీరు కావాల్సినోళ్లు. ఏ కాలేజీల చదువుతున్నరు? ముందుకు రావాలె."

ఎవరూ లేవలేదు. చివరికి ఆడవాళ్ల వెనకనుంచి ఒక పిల్ల వచ్చింది. పన్నెండేళ్లుంటాయేమో. రోజూ మూడో తరగతి తమ్ముణ్ని వెంటబెట్టుకొని వచ్చేది, వాడికి ఫోను పట్టించడానికి వచ్చిందనుకొని నంబరిచ్చాము. ఏం చదువుతున్నావని నేనూ అడగలేదు.

శాలువా ఆమె భుజాల మీద నిలవలేదు, జారిపోతుంటే హెడ్మాస్టరు గారే రెండు చేతులతో పట్టుకున్నారు.

"ఏ బడి బిడ్డా?"

"మన బడే సార్."

"మన బడా? ఏ తరగతి? నేనెప్పుడు చూడలే."

పిల్ల మైకు వంక చూసి కొంచెం వెనక్కి జరిగింది. అయినా మైకుకు వినబడింది.

"ఆరు సార్. దసరా పోయినంక అమ్మానాయనతోని చెరుకు కొట్టనీకి కర్ణాటక పోయిన. ఉగాదికి వచ్చేసరికి రిజిస్టర్ల నా పేరు లేదు. మీరే కొట్టేసిన్రట."