నమస్కారానికి జవాబు రాకపోతే పాటించకూడని సలహాలు

ద్రాక్షారామంలో పొద్దున్నే భీమేశ్వరాలయం వైపు నడిచేవాళ్ళు ఒకరినొకరు పలకరించుకోకుండా పోరు. "నమస్కారమండీ" అంటే "ఆయ్, బాగున్నారా" అని వెంటనే జవాబొస్తుంది. అలాంటి చోట ఒకాయన మన నమస్కారం తీసుకోకుండా పక్కనుంచి వెళ్ళిపోతే మనసు చివుక్కుమంటుంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పుకుంటాం. ఇంట్లోవాళ్ళూ, టీ కొట్టు దగ్గరి స్నేహితులూ మన మీద ప్రేమతోనే తలో సలహా ఇస్తారు. ఆ సలహాల్లో చాలామటుకు మనల్ని పక్కదారి పట్టించేవే. అవి ఎందుకు పనికిరావో, వాటి బదులు ఏం చెయ్యాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు వినపడే సలహా: "పొగరండీ ఆయనకి, ఇంకోసారి పలకరించకండి." ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఆయన పలకలేదన్న ఒక్క సంగతే మనకి తెలుసు. ఎందుకు పలకలేదో తెలియదు. తెలియని చోట ఆయన స్వభావాన్ని తెచ్చి పెడతాం. మనమే ఎవరికైనా జవాబివ్వకపోతే మాత్రం తొందరలో ఉన్నామనో చూసుకోలేదనో అంటాం. లీ రాస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఈ పొరపాటుకి ఒక పేరు పెట్టి, ఎదుటివాడి పరిస్థితిని తక్కువగా, గుణాన్ని ఎక్కువగా లెక్కవేయడం మనుషుల్లో సాధారణంగా ఉందని వివరించాడు.

డెబ్భై దాటిన మాస్టారొకరు గుడిలోంచి బయటికి వస్తున్నారనుకుందాం. మీరు వెనకనుంచి "నమస్కారం మాస్టారూ" అన్నారు. ఆయన ఆగలేదు. వయసుతో వచ్చే చెవుడు ముందుగా సన్నటి, ఎత్తు స్థాయి ధ్వనుల్ని తీసుకుపోతుంది. స, శ, త, క లాంటి హల్లులు చెదిరిపోతాయి, అచ్చులు మాత్రం మిగులుతాయి. అందుకని మీ పలకరింపు ఆయనకి అర్థం లేని ఒక కూతలా వినిపించి ఉంటుంది. పక్కన ఆటోలు పోతుంటే, గుడి మైకు మోగుతుంటే అదీ అందదు. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు ఇంకా కష్టం. "ఇంట్లో మాట్లాడితే బాగానే వింటారుగా" అని మనం అనుమానపడతాం. ఎదురుగా కూచుని, పెదవులు చూస్తూ, గోల లేని గదిలో వినడం వేరు, వీధిలో వినడం వేరు. గట్టిగా అరవడం వల్లా పెద్ద ప్రయోజనం లేదు. అరిచినప్పుడు పెరిగేది అచ్చుల మోతే, ఆయనకి అందని హల్లులు అందనే అందవు.

కంటి సంగతి చూడండి. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తున ఉంటుంది, కింది అంతస్తులో ప్రదక్షిణ చేసేవారికి వెలుతురు తక్కువ. ఆ చీకటిలోంచి ఎండలోకి వచ్చినవారికి, అందులోనూ కంట్లో శుక్లం ఉన్నవారికి, వెలుగు కంట్లో చెదిరి ఎదుటి మొహం తెల్లటి మసకలో కలిసిపోతుంది. సూర్యుడు మీ వెనక ఉంటే మీరొక నల్లటి ఆకారం, అంతే. ఆయన మీ వైపే చూస్తూ వెళ్ళిపోయినట్టుంటుంది. నిజానికి మిమ్మల్ని చూడలేదు.

దీన్ని తేల్చుకోవడానికి పెద్ద శ్రమ లేదు. ఈసారి వెనకనుంచి పిలవకండి. ఆయనకి మూడు నాలుగు అడుగుల ముందు, వెలుతురు మీ మొహం మీద పడేలా నిలబడండి. చెయ్యెత్తి నమస్కారం పెట్టి, మామూలు గొంతుతో నెమ్మదిగా పేరు, ఇంటి గుర్తు చెప్పండి. "మాస్టారూ, నేనండి, కరణం గారి రెండో అబ్బాయిని." అని ఊరుకుని, ఆయనకి మూడు నాలుగు క్షణాలు ఇవ్వండి. వయసు మీద పడ్డవారికి మాట అందడానికీ జవాబు రావడానికీ మధ్య ఆ కాస్త సమయం పడుతుంది. మనం అంతకు ముందే మొహం తిప్పేసుకుంటాం. మాట వినగానే మొహం వెలిగితే లోపం కంటిది. మాటకి కదలక, మిమ్మల్ని చూశాక "ఓహో, మీరా!" అంటే చెవిది. రెండూ బాగుండి కూడా, కొట్లో రోజూ మాట్లాడే మిమ్మల్ని వీధిలో పోల్చుకోలేని మనుషులూ ఉంటారు. మొహాల్ని గుర్తుపట్టే శక్తే కొందరికి పుట్టుకతో తక్కువ, వాళ్ళకి పేరు చెబితే చాలు.

ఇంకొక మాట, ఇది కాస్త శ్రద్ధగా చదవండి. మొహంలో ఏ భావమూ లేకుండా, కంటిరెప్పలు తక్కువగా ఆడుతూ, అడుగులు చిన్నవై, నడుస్తుంటే ఒక చెయ్యి ఊగకుండా ఉంటే అది పార్కిన్‌సన్స్ జబ్బు లక్షణం కావచ్చు. ఆ మనిషికి మనసులో మిమ్మల్ని చూసిన సంతోషం ఉన్నా మొహం దాన్ని చూపించదు. మీకది చిరాకులా కనపడుతుంది. ఇలాంటిది గమనిస్తే కోపం తెచ్చుకోకుండా వారి ఇంట్లోవాళ్ళకి చెప్పండి. న్యూరాలజిస్టుకి చూపించడం ఎంత తొందరైతే అంత మంచిది.

ఇక మన పద్ధతుల వల్లే జవాబు రాని సందర్భాలు. "మాట కలపాలంటే ఎక్కడికని అడుగు" అని కొందరు నేర్పుతారు. ఇది తప్పుడు సలహా. శుభకార్యానికో, కోర్టు పనికో, పిల్ల సంబంధం చూడ్డానికో బయలుదేరినవారిని ఎక్కడికని అడగడం అపశకునమని మన పెద్దలు నమ్ముతారు. అడిగితే వినపడనట్టు పోతారు, లేదా ముక్తసరిగా "ఇక్కడికే" అంటారు. వారు కార్యం చెడకూడదని నోరు కట్టుకున్నారు, అందులో మీ మీద కోపమేమీ లేదు. తప్పనిసరైతే "దగ్గరికేనా అండీ?" అనండి. అంతకన్నా "బాగున్నారా" మేలు.

మడి కట్టుకుని, చేతిలో అభిషేకానికి నీళ్ళతో వెళ్ళేవారూ అంతే. వారు నమస్కరించలేరు, తాకించుకోలేరు, కొందరు మాట కూడా ఆడరు. తెలుగు వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. చేతులు నిండి ఉన్నప్పుడు, చెప్పులు వేసుకున్నప్పుడు, తలకి గుడ్డ చుట్టుకున్నప్పుడు అభివాదం చెయ్యకూడదు. అశౌచంలో ఉన్నవారికి చెయ్యకూడదు, అశౌచంలో ఉన్నవారు తిరిగి చెయ్యనూ కూడదు. ఈ చివరి మాట ఊళ్ళల్లో ఇప్పటికీ ఆచరణలో ఉంది. దగ్గరివారు పోయిన ఇంటివాళ్ళు మైలలో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ నమస్కారం పెట్టరు, ఎవరిదీ తీసుకోరు. ఇంటికొచ్చినవారిని "రండి" అనరు, వెళ్ళేవారూ "వెళ్ళొస్తాం" అనరు. పక్క వీధిలో చావు జరిగిందని తెలియక, ఆ ఇంటాయన మీ నమస్కారానికి తల దించుకుని పోయాడని నొచ్చుకుంటే ఎంత అన్యాయం! అందుకే జవాబు రాని రోజున మొదట ఇంట్లో ఒక ప్రశ్న వెయ్యండి: వాళ్ళింట్లో ఏమైనా అయిందా?

"వెళ్ళి నిలదియ్యి" అన్న సలహాకి ఎక్కువ మాటలు అక్కర్లేదు. నడివీధిలో "ఏవండీ, పలకరించినా పలకరే" అని అడిగితే చెవి వినపడని మనిషి నలుగురిలో ఆ సంగతి ఒప్పుకోవాలి, మైలలో ఉన్న మనిషి తన దుఃఖం చెప్పుకోవాలి.

"పట్టించుకోకు, అంత చిన్నదానికి బాధేంటి" అనేవాళ్ళు కూడా సరైన దారి చూపించరు. బాధపడ్డందుకు మనల్నే చిన్నబుచ్చుతారు. 2012లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. క్యాంపస్‌లో నడుస్తున్నవారి ఎదురుగా ఒక అపరిచితురాలిని నడిపించారు. ఆమె కొందరి కళ్ళలోకి చూసింది, కొందరిని చూసి నవ్వింది, కొందరి వైపు అక్కడ మనిషే లేనట్టుగా చూపు సాగించింది. తర్వాత అడిగితే, మనిషే లేనట్టు చూడబడ్డవారు తాము ఇతరులకి దూరమైనట్టు ఎక్కువగా చెప్పారు. ముక్కూ మొహం తెలియని మనిషి చూపుకే అంత జరిగితే, తెలిసిన ఊళ్ళో తెలిసిన మనిషి పలకకపోతే నొప్పి కలగడంలో వింతేమీ లేదు. కాబట్టి నొప్పిని తప్పు పట్టకండి. మీరు చెయ్యాల్సింది ఒక్కటే: ఆ నొప్పి తగ్గేదాకా ఆ మనిషి మీద తీర్పు చెప్పకండి, ఇంకొకరితో ఆ కథ చెప్పకండి. నలుగురికి చెప్పాక, కారణం తెలిసినా వెనక్కి తీసుకోవడం కష్టమవుతుంది.

కావాలనే పలకనివారూ ఉంటారు. దాన్ని గుర్తుపట్టడం తేలిక. కళ్ళు కలుస్తాయి, ఆ తర్వాత మొహం తిరుగుతుంది. మీ పక్కవాడికి జవాబొస్తుంది, మీకు రాదు. ఇలా ఒక్కసారి కాదు, వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల్లో జరుగుతుంది. వెతికితే గట్టు తగాదానో, తీరని అప్పో, పెళ్ళిలో పిలుపు అందకపోవడమో బయటపడుతుంది. అప్పుడు వీధిలో మాటలు పెట్టుకోవద్దు. గొడవ దేని గురించో దాన్నే ఇద్దరికీ కావలసిన పెద్దమనిషి ద్వారా తేల్చుకోండి. అది తేలేదాకా దారిలో ఎదురైతే తల ఆడించి నడవండి. ఆయన జవాబివ్వకపోవడం ఆ తగాదాలో భాగం, మీ విలువకి దానితో లెక్క లేదు.

చివరిది, నాకు ఎక్కువ కోపం తెప్పించే సలహా: "పెద్దవాళ్ళు, సర్దుకుపో." గోదావరి జిల్లాల్లో ఎన్నో తరాలపాటు కింది కులాలవాళ్ళు ముందు దణ్ణం పెట్టాలి, భూస్వామి "ఊఁ" అంటే అన్నాడు, లేకపోతే లేదు. ఆ అలవాటు కొన్ని వీధిఅరుగుల మీద ఇంకా పూర్తిగా పోలేదు. ఒక మనిషి తన కులంవారికి చక్కగా జవాబిచ్చి, పేటవాళ్ళ నమస్కారానికి మాత్రం గాలిలోకి చూస్తే, అక్కడ చెవినీ కంటినీ పరీక్షించాల్సిన పని లేదు. అక్కడ సర్దుకుపొమ్మని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆయనకి నమస్కారం పెట్టడం మానెయ్యడమే సరైన పని. పగ పెంచుకోవక్కర్లేదు. ఆయన గుర్తింపు కోసం ఎదురుచూడక్కర్లేదు.

మీ ఇంట్లో వినికిడి తగ్గిన పెద్దలు గానీ, చూపు మందగించినవారు గానీ ఉంటే ఒక సహాయం చెయ్యండి. వీధిలోవాళ్ళకి, గుడి దగ్గరివాళ్ళకి, రోజూ ఎదురయ్యేవాళ్ళకి ఆ సంగతి ముందుగానే చెప్పి ఉంచండి. "మా నాన్నగారికి ఎడం చెవి వినపడదండీ, కుడివైపు నుంచి పిలవండి" అంటే చాలు.